యూటర్న్ దాకా టెస్ట్ డ్రైవ్

షోరూమ్ వాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి ఎంచుకునే రూటులో ఎంత శాస్త్రం ఉందో జనానికి అర్థం కాదు, ఊరికే తిడుతుంటారు. గేటు దాటి ఎడమకి, పెట్రోల్ బంకు ముందు యూటర్న్, మళ్లీ గేటు. మొత్తం 3 కిలోమీటర్లు, వేగం 40, అదీ ఆటో అడ్డం రాకపోతే. వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడకి 275 కిలోమీటర్లు పోయి వచ్చే నాలాంటివాడికి ఇంతకంటే గొప్ప పరీక్ష ఏముంటుంది? పెళ్లిచూపుల్లో కాఫీ తాగి, కాపురం ఎలా సాగుతుందో చెప్పేయడమే.

పైగా 40లో ఏ బండైనా మౌనమునే. టైర్ల రొద గట్టిగా వినపడాలంటే 50, 60 దాటాలి, సైడ్ మిర్రర్ల దగ్గర గాలి ఈల వేయాలంటే 100 దగ్గరపడాలి. ఆ కాస్త మౌనం కూడా మనకి దక్కకుండా ఏసీ ఫ్యాన్ 4లో పెట్టి, పాటలు పెట్టి, సన్‌రూఫ్ గురించి ఉపన్యాసం మొదలుపెడతారు.

నేను మాత్రం ఒక అపచారం చేశాను. రెండు షోరూమ్‌ల నుంచి రెండు బండ్లని ఔటర్ రింగ్ రోడ్డు మీదకి తీసుకెళ్లాలన్నాను, టోలూ పెట్రోలూ నావే అని చెప్పి. రెండు రోజులు, ఒకే టైము, అవే రెండు ఎగ్జిట్‌ల మధ్య. మొదటి బండి ఎక్కేముందు టైర్లలో గాలి చూపిస్తే 40 ఉంది, డోరు పక్క స్టిక్కర్ మీద 33. యార్డులో నెలల తరబడి నిలబడే బండికి టైర్లు ఒకచోట చదునెక్కకుండా గాలి ఎక్కువ కొడతారు, దించడం మర్చిపోతారు. అలాగే నడిపి ఉంటే సస్పెన్షన్ గట్టిగా ఉందని పాపం ఆ బండిని తిట్టేవాణ్ని.

అద్దాలు మూసి, పాటలు ఆపి, ఫ్యాన్ 1లో పెట్టి 100కి వెళ్లాం. వెనక సీట్లో మా ఆవిడ చెవి ఎత్తున ఫోన్ పట్టుకుని డెసిబెల్ యాప్ చూస్తోంది. మొదటి బండిలో 67, మర్నాడు రెండో బండిలో 70. మొదటి సేల్స్ కుర్రాడికి ఫోన్లో ఈ మాట చెబితే ఎగిరి గంతేశాడు. "సార్, 3 డెసిబెల్స్ అంటే సౌండ్ డబుల్ సార్!" ట్రైనింగ్‌లో సగమే చెప్పినట్టున్నారు. డబుల్ అయ్యేది శబ్దశక్తి, చెవికి అది కాస్త ఎక్కువగా తెలుస్తుంది అంతే. రెట్టింపు అనిపించాలంటే 10 దాకా తేడా ఉండాలి.

అసలు సంగతేమిటంటే, 67 వచ్చిన బండిలోనే నాకు తల దిమ్మెక్కింది. మూడు సిలిండర్ల ఇంజిన్, టాప్ గేర్లో 80 దాటగానే బిందెలో తల పెట్టినట్టు ఒక గుమ్మనే మోత, దానితోపాటు స్టీరింగ్‌లో సన్నటి జివజివ. ఇలాంటి లోతు మోతని యాప్ పెద్దగా లెక్కలోకి తీసుకోదు, అందుకే అంకె అంత అందంగా వచ్చింది. అనుమానం తీర్చుకోవడానికి అదే 80లో ఒక గేరు దించాను. గుమ్ము పోయి ఇంజిన్ గొంతు మారింది. గేరు మార్చినా మారకపోతే అది టైర్లదో రోడ్డుదో. మారిందంటే ఇంజిన్‌దే. రెండో బండిలో ఉన్నది ఉత్త టైర్ల రొద, గేరు మార్చినా అంతే, రోడ్డు నున్నగా ఉన్నచోట తగ్గింది. టైర్లు అరిగాక మంచివి వేయించుకోవచ్చు. ఇంజిన్ని ఎవడు మారుస్తాడు?

ఇక కుదుపులు. మొదటిది షోరూమ్ ముందు స్పీడ్ బ్రేకర్ మీద ఉయ్యాలే. అదే ఉయ్యాల 100లో బ్రిడ్జి జాయింట్ దాటాక కూడా ఆగలేదు, ముక్కు లేచి, పడి, మళ్లీ లేచింది. "ఏవండీ, ఇందులో అయితే నేను నార్కట్‌పల్లి దాకా కూడా రాలేను," అంది మా ఆవిడ. రెండోది అదే జాయింట్ మీద ధబ్‌మని ఒకసారి కొట్టి ఊరుకుంది. సిటీలో ఆ ధబ్ కాస్త గట్టిగానే తగులుతుంది, ఒప్పుకుంటాను.

మొదటి రోజు వెనక సీట్లో కుర్రాడు పైన హ్యాండిల్ వదల్లేదు. రెండో రోజు కుర్రాడు పది నిమిషాలకే నోరు తెరిచి నిద్రపోయాడు. యాప్ తీసేశాను.

రెండో బండి బుకింగ్ అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మేం తిప్పింది టాప్ వేరియంట్, 17 ఇంచీల చక్రాలు. నా బడ్జెట్‌లో వచ్చేదానికి 16, టైరు గోడ ఎత్తు ఎక్కువ, అంటే కుదుపూ వేరే, రొదా వేరే కావచ్చు. "అంతా సేమ్ సార్," అన్నాడు కుర్రాడు. ఆ వేరియంట్ మీదే డ్రైవ్ కావాలని పట్టుబట్టాను. లోపలికెళ్లి మేనేజర్‌తో మాట్లాడి వచ్చాడు.

"ఒకటుంది సార్. కానీ పెట్రోల్ బంకు దాకానే."