కొలత ముందు, బొమ్మ తర్వాత: మిద్దె గీత మారకుండా సోలార్, పచ్చదనం చూపడం ఎలా?

తిరుపతిలో ఇప్పుడు ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామంది త్రీడీ బొమ్మ చేతికొచ్చాక అడిగే మాట ఒకటుంది. "ఇదే బొమ్మలో మిద్దె మీద సోలార్ పలకలు, కాస్త పచ్చదనం పెట్టండి సార్, ఎలివేషన్ మాత్రం మారకూడదు." ఎలివేషన్ అంటే వాళ్ల మనసులో ఉన్నది పిట్టగోడ పైఅంచు వెనకనున్న చెట్లనూ ఆకాశాన్నీ కోసే గీత. ఆ గీతను కాపాడటం ఫొటోషాప్ పని అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. అది టేపు పట్టి కొలిచే పని. ఎత్తుల లెక్క సరిపోతే గీత దానంతట అదే నిలుస్తుంది. లెక్క సరిపోకపోతే బొమ్మలో ఎంత దాచినా ఫ్రేము బిగించే రోజున బయటపడుతుంది.

ఈమధ్య నా దగ్గరకొచ్చిన ఒక ఇంటి సంగతే తీసుకుందాం. జీ ప్లస్ టూ, దక్షిణం ముఖం, లోతు 40 అడుగులు. స్లాబు నేల నుంచి 33 అడుగుల ఎత్తులో ఉంది, పిట్టగోడ మూడున్నర అడుగులు. వేరే ఎవరో చేసిన రెండర్ ఒక్క జేపీజీగా ఇచ్చారు, త్రీడీ ఫైలు లేదు. కెమెరా వీధికి ఇవతల, ఇంటికి 65 అడుగుల దూరాన, 52 అడుగుల ఎత్తున ఉన్నట్టు తేలింది. బొమ్మలో ఇంటి వెనక చెట్లు, వాటి వెనక శేషాచలం.

ఆ తేల్చడం ఎలాగంటే, `fSpy` అనే ఉచిత ప్రోగ్రాంలో బొమ్మ తెరిచి, ముందు గోడ అంచుల మీదా పక్క గోడ అంచుల మీదా గీతలు ఆనిస్తే అది కెమెరా కోణాన్ని లెక్కగడుతుంది. కొలత తెలిసిన ఒక వస్తువు కావాలి కాబట్టి ఏడడుగుల వాకిలి ఎత్తు ఇచ్చాను. ఆ కెమెరాను త్రీడీ ప్రోగ్రాం `Blender`లోకి తెచ్చి, స్లాబు, పిట్టగోడలు మాత్రం మామూలు పెట్టెల్లా కట్టాను. ఈ పెట్టెల అంచులు బొమ్మలోని అంచుల మీద సరిగ్గా కూర్చోకపోతే అక్కడే ఆగిపోవాలి. ముందుకెళితే పలకలన్నీ ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తాయి.

ఇక ఎత్తుల సంగతి. పచ్చదనం అంటే స్లాబు మీద గడ్డి రంగు పూయడం కాదు. వాటర్‌ప్రూఫింగ్ పైన నీరు జారే షీటు, దానిపై మట్టిని ఆపే గుడ్డ, ఆపైన నాలుగు అంగుళాల మట్టి, అన్నీ కలిపి ఆరంగుళాల దాకా వస్తుంది. అంటే మిద్దె నేల ఆరంగుళాలు లేచి, మూడున్నర అడుగుల పిట్టగోడ లోపలి వైపు మూడడుగులే కనిపిస్తుంది. ఈ కెమెరాకు ముందు పిట్టగోడ చాటున మిద్దె దాదాపు 15 అడుగుల మేర కనపడదు. నేల లేచాక ఆ చాటు పన్నెండున్నర అడుగులకు తగ్గుతుంది. బయటి గీత మారదు, లోపలి గోడ పొట్టిదవుతుంది. చాలా బొమ్మల్లో తప్పిపోయేది ఇదే. పాత స్లాబు మీద పచ్చ తివాచీ పరిచినట్టుంటుంది, అందుకే చూడగానే అతికించిందని తెలిసిపోతుంది.

పలకల విషయానికొస్తే, 550 వాట్ల పలక సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడుముప్పావు అడుగుల వెడల్పు. తిరుపతి ఉన్నది పదమూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కాబట్టి దక్షిణానికి 13 డిగ్రీల వాలు చాలు. పొడవు వాలు వెంబడి వచ్చేలా పెడితే వెనక అంచు ముందు అంచుకంటే 20 అంగుళాలు లేస్తుంది. మొక్కలు పలకను కమ్మకుండా ముందు అంచును మట్టికి 12 అంగుళాల పైన ఉంచాలి. పచ్చదనం ఆరు, కాలు పన్నెండు, వాలు ఇరవై, మొత్తం 38 అంగుళాలు. పిట్టగోడ 42. నాలుగంగుళాలు మిగిలాయి. వీధిలో నిలబడి చూసేవాడికి పలకలు కనబడనే కనబడవు. మన కెమెరాకు కనిపిస్తాయి గానీ వెనక పిట్టగోడ గీతకు కిందే ఉంటాయి.

మన ఊళ్లో మాత్రం సోలార్ అమర్చేవాళ్లు ఎక్కువగా ఎనిమిదడుగుల ఇనుప ఫ్రేము ఎత్తుతారు. కింద బట్టలు ఆరేసుకోవచ్చు, వడియాలు పెట్టుకోవచ్చు. మంచి కారణమే. కానీ అదే ఫ్రేమును ముందు గోడకు 25 అడుగుల వెనక పెట్టి చూస్తే, బొమ్మలో వెనక పిట్టగోడ గీతను దాటి చెట్ల మీదికి పొడుచుకొచ్చింది. అలాంటి ఫ్రేము వేయబోయే ఇంటికి గీత చెక్కుచెదరని బొమ్మ ఇవ్వడం నా దృష్టిలో యజమానిని మోసం చేయడమే.

నీడలు ఇంకో పరీక్ష. పాత బొమ్మలో ఎండ ఎటు నుంచి పడుతోందో సజ్జా నీడ చెబుతుంది. ఇక్కడ ఆగ్నేయం నుంచి పడుతోంది, కాబట్టి పలకల నీడ వాయవ్యానికి పడాలి. వాస్తు చూసి నీళ్ల ట్యాంకును నైరుతిలో ఎత్తారు. ఈ పొద్దుటి బొమ్మలో దాని నీడ పలకల జోలికి రాదు. చలికాలం సాయంత్రాల్లో మాత్రం అది ఈశాన్యం వైపు చాచుకుంటూ పోతుంది. అందుకే ఆరు పలకలనూ తూర్పు సగానికి జరిపాను. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. దక్షిణపు ఎండ ఒక్కటే చూసి చోటు నిర్ణయించుకోకూడదు.

పలక రంగు గురించి ఒక మాట. నెట్‌లో దొరికే ముదురు నీలి పలక ఫొటో అతికిస్తే మిద్దె మీద గుంత పడ్డట్టుంటుంది. ఈ కోణం నుంచి చూస్తే అద్దంలో ప్రతిఫలించేది కొండల పైనున్న ఉత్తరపు ఆకాశం. కాబట్టి పలక నల్లగా కాక లేత బూడిద నీలంలో మెరవాలి. మొక్కలూ అంతే. మే నెల ఎండకు తట్టుకునే కలబంద, టేబుల్ రోజ్ లాంటివి పెడితే వాటి రంగు లాన్ పచ్చ కాదు, కాస్త దుమ్ము కొట్టిన ఆకుపచ్చ.

చివరికి పిట్టగోడ పెట్టెలకు వాటి చోటును ఖాళీగా వదిలే `Holdout`, నేలకు నీడను మాత్రమే పట్టే `Shadow Catcher` పెట్టి, వెనక ఏమీ లేకుండా రెండర్ తీసి పాత బొమ్మ మీద పరిచాను. ఆపైన పాత బొమ్మ పొరకు నకలు తీసి అన్నిటికీ పైన పెట్టి, తేడా ఉన్నచోటే వెలుగు చూపే `Difference` మోడ్‌లో చూశాను. మిద్దె లోపల తప్ప అంతా నల్లగా ఉండాలి. మొదటిసారి వెనక పిట్టగోడ పొడవునా వెంట్రుకంత తెల్ల గీత వచ్చింది. కొత్త పొరను మిద్దె వరకే చూపే మాస్క్ అంచు రెండు పిక్సెళ్లు పైకి మెత్తబడటం వల్ల. దాన్ని గీత కిందికి లాగితే పోయింది. కలిపిన బొమ్మను మళ్లీ జేపీజీగా సేవ్ చేసి పోల్చితే జేపీజీ నలుసులు అక్కడక్కడా కనిపిస్తాయి, వాటికి కంగారు పడక్కర్లేదు.

బొమ్మ తేల్చలేనిది ఒకటుంది, బరువు. జనం తిరిగే మిద్దెకు మన ప్రమాణాల్లో లెక్కేసే భారం చదరపు మీటరుకు 150 కిలోలు. నాలుగంగుళాల ఎర్రమట్టి నవంబరు వానలకు తడిస్తే అదొక్కటే ఆ భారాన్ని దాటుతుంది. ఈ ఇంటికి ఇంజినీరు కొబ్బరిపొట్టు కలిపిన తేలిక మట్టికే ఒప్పుకున్నారు, అదీ ఉత్తరపు సగంలోనే. అందువల్ల ముందు వరుస పలకల కింద నేను మొదట వేసిన పచ్చదనం తీసేసి మామూలు స్లాబు చూపించాను. ఆ వరుస ఆరంగుళాలు దిగింది.

ఇప్పుడు నేనిచ్చే ప్రతి బొమ్మ కింది మూలలో మూడు అంకెలు రాస్తున్నాను. ఈ ఇంటికైతే పిట్టగోడ 42, పచ్చదనం 6, పలక పైఅంచు 38. ఈ పని చేసే అందరూ రాయాలని నా కోరిక. సోలార్ ఫ్రేము మాట్లాడేందుకు వచ్చిన కుర్రాడికి ఆ ఇంటి పెద్దమ్మ బొమ్మలోని ఆ మూడో అంకె చూపించి, వడియాలకు ముందు వైపు ఖాళీ స్లాబు చాల్లే నాయనా అన్నారట. కుర్రాడు టేపు తీసి మిద్దె ఎక్కాడు.