ఆరు లెక్కలు చాలు

డిస్కాల్కులియా, అంటే అంకెలూ లెక్కలూ పట్టుబడటం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లలకు వర్క్‌షీట్ మార్చి ఇవ్వాలా అన్న చర్చ మన స్కూళ్లలో ఎప్పుడూ ఒకచోటే ఆగిపోతుంది. లెక్కలు తగ్గిస్తే పిల్ల ఇంకా వెనకబడుతుందేమోనని అందరికీ భయం. నా మటుకు నాకు ఏ అనుమానమూ లేదు, తగ్గించాల్సిందే. ఎందుకంటే కిక్కిరిసిన పేజీ పిల్లకు నేర్పడం అటుంచి, ఆ పిల్లకు ఏం రాదో టీచరుకు కూడా తెలియనివ్వదు.

మా బంధువుల అమ్మాయి నాలుగో తరగతి. ఆమెకిచ్చిన షీటులో ఒకే పేజీలో 24 లెక్కలున్నాయి. వరుసకు నాలుగు, కూడికలూ తీసివేతలూ కలగలిపి, చుట్టూ పూల బొమ్మల అంచు. ఎక్కువ లెక్కలు తప్పాయి. టీచరు అన్నిటికీ ఎర్ర ఇంటూలు పెట్టి, "తీసివేతలు రావు" అని రాశారు.

ఆ తప్పులను ఒక్కొక్కటిగా చూశాను. 34 − 12 కి 46 వేసింది, అంటే గుర్తు చూడకుండా కూడేసింది. 47 − 15 కి 34 వచ్చింది. పక్క లెక్కలోని 13 ను దీనిదే అనుకుంది. ఈ రెండూ పేజీ చేయించిన తప్పులు. 52 − 27 కి మాత్రం 35 వేసింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది. అసలు రానిది ఇదొక్కటే, పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం. 24 లెక్కల గుంపులో మూడు రకాల తప్పులకూ ఒకటే ఎర్ర ఇంటూ పడింది.

షీటు మళ్లీ తయారుచేశాం. అన్నీ తీసివేతలే, ఆరే లెక్కలు, పేజీకి మూడు. అప్పు అక్కర్లేనివి రెండు: 58 − 23, 76 − 41. అప్పు కావాల్సినవి మూడు: 52 − 27, 63 − 28, 91 − 46. చివర సున్నా ఉన్నది ఒకటి, 70 − 34. ప్రతి లెక్కకూ గళ్లు గీసి, గడికి ఒకే అంకె వేసి, పైన పదులు, ఒకట్లు అని రాశాం. లెక్కకూ లెక్కకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలాం. పూల అంచు తీసేశాం.

బొమ్మ అంటే అలంకారం అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఈ షీటులో బొమ్మ లెక్క చెయ్యాలి. 52 పక్కన ఐదు నిలువు గీతలు, రెండు చుక్కలు. గీతంటే పది పుల్లల కట్ట. ఏడు చుక్కలు తీయాలి, ఉన్నవి రెండే. అందుకని ఒక గీత కొట్టేసి, దాని బదులు పది చుక్కలు పెట్టాలి. ఇప్పుడు పన్నెండు చుక్కల్లో ఏడు పోతే ఐదు, మిగిలిన నాలుగు గీతల్లో రెండు పోతే రెండు. జవాబు 25. ఈ బొమ్మ 52 − 27 కి మాత్రమే గీసి ఇచ్చాం. 63 − 28 కి ఖాళీ డబ్బా వదిలాం, తనే గీసుకోవాలి. ఆ తర్వాతి వాటికి డబ్బా కూడా లేదు. అన్నిటికీ మనమే గీసి ఇస్తే పిల్ల చుక్కలు లెక్కపెడుతూ అక్కడే ఉండిపోతుంది.

మన భాష కూడా ఇక్కడ సాయం చేస్తుంది. యాభై రెండు అనగానే ఐదు కట్టలూ రెండు పుల్లలూ వరుసగా చెవిన పడతాయి. ఆ మాట పైకి అంటూ గీయమన్నాం.

ఆరింటిలో ఐదు సరిగ్గా చేసింది. 70 − 34 కి 44 వేసింది, నాలుగులోంచి సున్నా తీసేసి. మర్నాడు నేర్పాల్సింది అదొక్కటే అని తేలిపోయింది. బొమ్మ సరిగ్గా గీసి అంకె తప్పు వేస్తే, బొమ్మనూ అంకెనూ జతచేయడంలో తడబాటు ఉందన్నమాట. బొమ్మే తప్పు గీస్తే మాత్రం ఎంత ఖాళీ వదిలినా లాభం లేదు, కాగితం పక్కనపెట్టి నిజం పుల్లలు చేతికివ్వాలి. షీటు మార్చినంత మాత్రాన డిస్కాల్కులియా పోదు.

మిగతా పిల్లలకు అన్యాయం కదా, సాధన తగ్గదా అంటారు. తప్పు పద్ధతిని 24 సార్లు చేస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. మిగతావాళ్లకూ ఈ గళ్ల షీటే ఇవ్వండి, వాళ్లకేం నష్టం?

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది పరీక్ష. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్కాల్కులియాను పేరు పెట్టి గుర్తించింది. దాంతో అదనపు సమయం అన్న మాట స్కూళ్లకు అలవాటైంది. కానీ ఆ సమయం ఇచ్చేది అదే ఇరుకు పేపరు మీద. పక్క లెక్కలోని అంకె తెచ్చుకునే పిల్లకు ఇంకో ఇరవై నిమిషాలిస్తే ఇంకాసేపు అదే తప్పు చేస్తుంది. ఖాళీ వదిలి అచ్చు వేయడానికి ఇంకో రెండు కాగితాలు చాలు. అర్ధసంవత్సర పరీక్షలో ఆ అమ్మాయికి మళ్లీ వరుసకు నాలుగు లెక్కల పేపరే ఇచ్చారు.