శ్రీ రెండుంపావు గంటల గ్యాప్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

విజయవాడ, మొగల్రాజపురం నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా అమ్మ మీ మీద ఇంకా కోపంగానే ఉంది.

మీకు గుర్తుండకపోవచ్చు. రోజూ ఎంతమంది టికెట్ల మధ్య కూర్చుంటారో మీకే తెలియదు కదా. నేను గుర్తు చేస్తాను. నిరుడు జనవరిలో అమ్మని రామేశ్వరం తీసుకెళ్లాను. గన్నవరం నుంచి చెన్నై విమానం మధ్యాహ్నం 2:15కి, దిగేది 3:30కి. ఎగ్మోర్‌లో రైలు సాయంత్రం 5:45కి. ఐదూ నలభై ఐదులోంచి మూడున్నర తీసేస్తే మీరు ప్రత్యక్షమయ్యారు, నిండుగా, బొజ్జతో. "రెండుంపావు గంటలా! మధ్యలో సరవణ భవన్‌లో టిఫిన్ కూడా చెయ్యొచ్చు" అని నేనే అన్నాను. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో పెళ్లిళ్లకీ పేరంటాలకీ వాడుకుంటున్నారు.

మీరు చేసిన మొదటి మోసం మీ పేరులోనే ఉంది. మీరు రెండుంపావు గంటలు కాదు. టికెట్ మీదున్న టైము విమానం వచ్చి ఆగే టైము, మనం రోడ్డు మీదికొచ్చే టైము కాదు. మెట్లు దిగి, బస్సెక్కి, లోపలికి రావడానికి ఒక పావుగంట. బెల్టు దగ్గర పెట్టె కోసం పాతిక నిమిషాలు (ఆ పెట్టె అసలు ఉండకూడదు, కానీ అమ్మ దారిలో పెరుగన్నంలోకని ఆవకాయ సీసా పెట్టింది, ఆవకాయని చేతి సంచిలో రానివ్వరేమోనని భయం, కాబట్టి ఆ పాతిక నిమిషాలు ఖచ్చితంగా సీసా ఖాతాలోవే). ఎదురుగా ఉన్న తిరుసూలం స్టేషన్‌కి మోకాళ్ల నొప్పుల మనిషితో నడవడానికి పావుగంట. లోకల్ కోసం నిలబడటం, ఎక్కి ఎగ్మోర్ చేరటం, ముప్పావుగంట అనుకోండి. అక్కడ వంతెన ఎక్కి దిగి మన బోగీ వెతుక్కోవడానికి ఇంకో పది నిమిషాలు. కూడితే గంటా యాభై నిమిషాలు. అంటే అన్నీ సజావుగా జరిగిన రోజున మీ అసలు ఒళ్లు పాతిక నిమిషాలు. మిగతాదంతా బొజ్జే.

విమానం పావుగంట లేటైనా కంపెనీల లెక్కల్లో టైముకి వచ్చినట్టే రాస్తారు, మీకు తెలుసుగా. అంటే "ఆన్ టైమ్" విమానమే మీలో సగం పైన మింగేయగలదు.

ఆ రోజు గన్నవరంలో మంచు లేదు. మా విమానం టైముకి ఎండ కాస్తోంది. మంచు పొద్దున పట్టింది, ఏడింటికి. కానీ మా ఊరి నుంచి తిరిగే ఆ చిన్న ఏటీఆర్ విమానానికి పొద్దున్నుంచి అదే పని, ఒక ఊరికి వెళ్లడం, అరగంటలో తిరగడం, ఇంకో ఊరికి వెళ్లడం. పొద్దున మొదటి ట్రిప్పులో పోయిన గంట మధ్యాహ్నానికి తిరిగి రాదు, ఎందుకంటే మధ్యలో దాన్ని పూడ్చుకునే ఖాళీ ఏ ట్రిప్పులోనూ ఉండదు. మధ్యాహ్నం విమానం అంటే పొద్దున్నుంచీ అందరి ఆలస్యాల్నీ మోసుకొచ్చే విమానమన్నమాట. నేను మా విమానం టైము చూశానేగానీ, ఆ విమానం మా దగ్గరికి ఎక్కడి నుంచి రావాలి, అది అక్కడ బయల్దేరిందా లేదా అని చూడలేదు. చూసుంటే పన్నెండింటికే తెలిసేది.

మాకు మెసేజ్ వచ్చింది రెండింటికి. అప్పటి రూలు ప్రకారం కన్ఫర్మ్ టికెట్ క్యాన్సిల్ చేస్తే ఎంతోకొంత వెనక్కి రావాలంటే రైలు బయల్దేరడానికి 4 గంటల ముందే చెయ్యాల్సింది, అంటే 1:45కి. పావుగంట తేడా. మీ హాస్యం నాకు నచ్చలేదు.

3:20కి లేచి 4:35కి దిగాం. పెట్టె 5:05కి వచ్చింది, సీసా పగల్లేదు. 5:28కి ఎగ్మోర్ వైపు లోకల్ ఎక్కాం. నుంగంబాక్కం దాటాక పక్క లైన్లో ఎదురుగా ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్లింది. అమ్మ బోగీ మీద బోర్డు చదివి, "ఒరే, రామేశ్వరం అని ఉందిరా" అంది. చూశాను. మా బోగీ కూడా కనిపించింది.

అదిగో, అక్కడ నాకు అసలు విషయం అర్థమైంది. ఆ రైలు దక్షిణానికి వెళ్తూ ఎయిర్‌పోర్టు ముందు నుంచే పోతుంది. తిరుసూలంలో ఆగదు, తాంబరంలో ఆగుతుంది, దాదాపు అరగంట తర్వాత. తాంబరం మాకు తిరుసూలం నుంచి నాలుగో స్టేషన్. రైలు వెళ్లే వైపు నాలుగు స్టేషన్లు వెళ్లాల్సింది పోయి, దానికి ఎదురెళ్లి దాని మొహం చూసి వచ్చాం. బోర్డింగ్ తాంబరానికి ముందురోజే మార్చుకుని ఉంటే టైములో అరగంట, దారిలో పావుగంట కలిసొచ్చేవి, ప్లాట్‌ఫాం మీద టీ తాగేవాళ్లం. అప్పట్లో చార్ట్ తయారయ్యాక మార్చడం కుదిరేది కాదు, ఒకసారి మార్చాక ఎగ్మోర్‌లో ఎక్కే హక్కుండేది కాదు, కాబట్టి అది ఇంట్లో కూర్చుని ముందే ఆలోచించాల్సిన పని. అప్పుడు మీరు నిండుగా ఎదురుగా కూర్చున్నారు, ఆలోచించే అవసరం ఏముంది?

విమానం వాళ్లని అడిగితే మిమ్మల్ని చెన్నైలో దింపాం కదా అన్నారు. నిజమే. రైలు వాళ్లని అడగడానికి మొహం చెల్లలేదు, రైలు టైముకే వెళ్లింది. రెండూ ఒకే టికెట్ కాదు కాబట్టి మధ్యలో తప్పిపోయిన మీకు తల్లీ తండ్రీ లేరు. రాత్రి ఇంకో రామేశ్వరం రైలుంది, అందులో వెయిటింగ్ లిస్టు. చివరికి బస్సు. ఆ బస్సులు కిలాంబాక్కం నుంచి, అంటే తాంబరం దాటి ఇంకా ముందుకి. అదే దారిలో, అదే పెట్టెతో, రెండోసారి.

ఈ మధ్య మీరు గుంటూరులో బ్రాడీపేటలో మా బావగారింట్లో దిగారని తెలిసింది. వాళ్లు అండమాన్ వెళ్తున్నారట. పోర్ట్‌బ్లెయిర్‌లో విమానం 11 గంటలకి దిగుతుంది, హావ్‌లాక్ దీవికి ఫెర్రీ 1:15కి. అచ్చు మీరే! "అక్కడ ఎయిర్‌పోర్టు నుంచి జెట్టీ ఐదారు కిలోమీటర్లేగా బావా" అన్నారు బావగారు. దూరం సంగతి కాదండీ, ఆ ఫెర్రీ పోతే రాత్రికి ఇంకో రామేశ్వరం రైలుండదు, మర్నాటి టికెట్లు కూడా నిండిపోయి ఉండొచ్చు, కిలాంబాక్కం బస్సు సముద్రంలో నడవదు అని చెప్పాను. మొదటి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే పడుకుని పొద్దున ఫెర్రీ ఎక్కమన్నాను. తిరుగు ప్రయాణంలో కూడా అంతే, సముద్రం బాగాలేక ఫెర్రీ ఆగితే విమానం ఆగదు, కాబట్టి ముందురోజే హావ్‌లాక్ వదిలిపెట్టమన్నాను. అలా కుదరకపోతే, కనీసం ఆ రోజు విమానం అందించే ఫెర్రీల్లో ఆఖరిది కాకుండా దాని ముందుది తీసుకోండి, అది పోయినా ఇంకోటి ఉంటుంది అన్నాను.

అంతా విని బావగారు ఒకటే అడిగారు. "రూము ఎంతవుద్ది?"

ఫోన్ అక్క తీసుకుంది. అమ్మ వాళ్లకి కూడా ఆవకాయ పంపుతోందట, సీసా పెద్దదట, పెట్టెలో వెయ్యాలా వద్దా అని అడుగుతోంది.

ఇట్లు,
ఎదురు రైలు చూసినవాడు