లాభమంతా దుకాణంలోనే పెట్టాలా?

"ఎఫ్‌డీలో పెడితే ఏడు శాతం, మీ వ్యాపారంలో పెడితే పాతిక శాతం. లాభాన్ని బయటికి తీస్తే పన్ను, లోపలే తిప్పితే పన్ను లేదు. గల్లాలోని లక్ష్మిని గడప దాటించకండి. వ్యాపారమే మీ పెన్షన్."

పొద్దున ఒకరు, రాత్రి ఒకరు ఇదే పంపుతున్నారు. పంపేవాళ్లలో నాలాగా దుకాణాల లెక్కలు రాసేవాళ్లూ ఉండటం మరీ బాధ.

లక్ష్మి సంగతి వదిలేద్దాం. ఆమె రోజూ గడప దాటకపోతే కంపెనీ నుంచి సరుకే రాదు.

పన్ను గురించి చెప్పింది శుద్ధ తప్పు. ప్రొప్రయిటర్‌షిప్‌లో పన్ను పడేది లాభం మీద, ఇంటికి తీసుకున్నదాని మీద కాదు. మార్చి 31న ఇరవై లక్షల లాభం తేలితే, అందులో పది ఇంటికి తెచ్చుకున్నా, ఆ పదితో పైపులు కొన్నా పన్ను ఒకటే. అమ్ముడుపోని పైపులు ముగింపు నిల్వలోకి వెళ్తాయి, ఖర్చులోకి రావు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే లెక్క వేరు. కానీ ఈ సందేశం తిరుగుతున్నది చిన్న దుకాణాల మధ్య.

ఇక ఆ పాతిక శాతం. దీన్ని నమ్మే మనుషులు మునుగుతున్నారు.

రాణిగంజ్‌లో పైపులు, వాల్వులు అమ్మే ఒక దుకాణాన్ని తీసుకోండి. యజమాని పెట్టుబడి 80 లక్షలు, ఏడాది లాభం 20 లక్షలు. పాతిక శాతమే, నిజం. కానీ ఆయన పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా గల్లాలో కూర్చుంటాడు. అదే పనికి మేనేజరును పెట్టుకుంటే నెలకు అరవై వేలు ఇవ్వాలి. ఆ 7 లక్షల 20 వేలు తీసేస్తే డబ్బు సంపాదించింది 16 శాతం. మిగతాది ఆయన కష్టం.

అదీ పాత డబ్బు మాట. కొత్తగా పెట్టేది ఎంత తెస్తుందో చూడాలి. మరుసటి ఏడు ఆయన పది లక్షల లాభాన్ని దుకాణంలోనే ఉంచాడు. ఏడు లక్షలు సరుకయింది, మూడు లక్షలు ఉద్దెర అయింది. వీధిలో కొనేవాళ్లు పెరగలేదు కాబట్టి అరవై రోజుల్లో తిరిగే సరుకు ఇప్పుడు డెబ్బై రోజులు దాటినా తిరగడం లేదు. లాభం పెరిగింది అరవై వేలు. అంటే కొత్త డబ్బు మీద వచ్చింది ఆరు శాతం. ఇది బయటపెట్టడానికి పెద్ద విద్యలేమీ అక్కర్లేదు. సరుకు ఎన్ని రోజులకు అమ్ముడవుతోంది, ఉద్దెర ఎన్ని రోజులకు వసూలవుతోంది అని మూడు నెలలకోసారి చూస్తే చాలు. ఆ రెండూ పెరుగుతుంటే దుకాణానికి ఇక డబ్బు అక్కర్లేదని అర్థం. అంత స్పష్టంగా చెబుతున్నా వినకుండా ఇంకో లారీ సరుకు దింపించేవాళ్లకు ఈ సందేశం ఇంకా ధైర్యం చెబుతోంది!

ఒక్క చోట మాత్రం ఆ సందేశం పంపినవాళ్లదే ఒప్పు. సీసీ, అంటే బ్యాంకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ ఖాతా మీద పదకొండు శాతం వడ్డీ కడుతూ ఏడు శాతానికి ఎఫ్‌డీ వేసుకోవడం దండగ. ముందు సీసీ వాడకం తగ్గించాలి. సీసీ డబ్బు తీసి సొంత పెట్టుబడులకు మళ్లించడమైతే అసలే కూడదు. బ్యాంకు ఆ అప్పు ఇచ్చింది వ్యాపారానికి.

అయితే సీసీలో కట్టిన డబ్బు ఎప్పుడు కావాలన్నా తిరిగి వస్తుందనుకోవద్దు. మరో దుకాణదారుకు పరిమితి 30 లక్షలు. లాభం కట్టి వాడకాన్ని 22కు దించాడు. ఎనిమిది లక్షలు చేతిలో ఉన్నట్టే అనుకున్నాడు. ఇంతలో ఒక బిల్డరు దగ్గర 12 లక్షలు ఆగిపోయాయి. తొంభై రోజులు దాటిన బాకీని బ్యాంకు డ్రాయింగ్ పవర్ లెక్కలోంచి, అంటే సరుకు, బాకీలను బట్టి ఎంత వాడుకోవచ్చో తేల్చే లెక్కలోంచి, తీసేసింది. పాతిక శాతం మార్జిన్ పోను తొమ్మిది లక్షలు తగ్గి, డ్రాయింగ్ పవర్ 30 నుంచి 21కి పడింది. అవసరం వచ్చిన నెలలోనే ఆ ఎనిమిది లక్షలు అందకుండా పోయాయి, పైగా లక్ష వెంటనే కట్టమన్నారు. కంపెనీకి ఇవ్వడానికి భార్య నగలు తాకట్టు పెట్టాడు.

పెన్షన్ అనే మాట వింటే ఆయనే గుర్తొస్తాడు. ఆ దుకాణం అద్దెది. ఆయన మూసేసిన రోజున సరుకు కొన్న ధరకు పోదు, ఉద్దెరలో కొంత రానే రాదు.

అందుకే యజమాని తన జీతాన్ని నెల మొదట్లోనే కరెంట్ అకౌంట్ నుంచి సొంత ఖాతాకు పంపుకోవాలి. ఆ ఖాతా, ఎఫ్‌డీలు అప్పిచ్చిన బ్యాంకులో ఉండకూడదు. బాకీ పడితే ఆ బ్యాంకు వాటిని జమ వేసుకోగలదు. ప్రొప్రయిటర్‌షిప్‌లో చట్టం దృష్టికి దుకాణం, యజమాని ఒకటే కాబట్టి బ్యాంకు మార్చినంత మాత్రాన పూర్తి రక్షణ రాదు. పీపీఎఫ్‌లో ఉన్న డబ్బును మాత్రం అప్పులవాళ్లు కోర్టు డిక్రీతో జప్తు చేయించలేరు. ఏడాదికి లక్షన్నర దాకా అందులో వేసుకోవచ్చు.