భద్రతా ప్రతిజ్ఞ ఫొటోలో తలుపెక్కడ?

ఏటా మార్చి 4 వచ్చేసరికి దేశంలోని ఆఫీసులన్నిటికీ ఒక్కసారిగా ప్రాణభయం పుట్టుకొస్తుంది. 1966లో ఆ రోజున నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ ఏర్పడింది కాబట్టి అది జాతీయ భద్రతా దినోత్సవం. ఫ్లెక్సీ కొట్టిస్తారు. కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. సమోసాలు తింటారు. వీటన్నిటికన్నా ముఖ్యంగా ఫొటో దిగుతారు. ఆ ఫొటో ఆడిట్ ఫైల్లోకి 'ఆధారం'గా చేరుతుంది. దాన్ని చూసి సరేననడం నా ఉద్యోగం.

ఈసారి వచ్చింది ఒక గోడౌన్ కమ్ ఆఫీసుది. ఊరూ పేరూ చెప్పను. చెప్పకపోయినా మీ ఆఫీసేమోనని మీకు అనుమానం వస్తుంది, రావాలి కూడా. 'భద్రతే మా ఊపిరి' అని ఫ్లెక్సీ. దాని ముందు సిబ్బంది, అందరి మెడలో కొత్త ఐడీ కార్డులు. ఫ్లెక్సీ తాడు ఒక కొస కిటికీ గ్రిల్‌కి కట్టారు. రెండో కొస ఎగ్జిట్ బోర్డుకి. అవును, ఆకుపచ్చ రంగులో వెలిగే ఆ బోర్డుకే. ఇన్నేళ్ళకు దానికొక ఉపయోగం దొరికింది.

ఇలాంటి ఫొటోలో మనుషుల మొహాలు చూడకూడదు, మోసపోతాం. ముందు ఎగ్జిట్ బోర్డు వెతికి, అక్కణ్ణుంచి చూపు నిలువుగా కిందికి దించాలి. బోర్డు కింద తలుపు కనబడాలి, తలుపు ముందు ఖాళీ నేల కనబడాలి. ఇక్కడ బోర్డు కింద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ కింద ఏ4 కాగితాల అట్టపెట్టెలు. వాటి పక్కన ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు, ఒక్కోటీ ఇరవై కిలోల పైమాటే. ఫ్లెక్సీ అంచు దాటి తలుపు పై కీలు కొంచెం కనిపిస్తోంది. పాపం, అది దాచడం మర్చిపోయారు. మామూలు తలుపుకి కీలు కణుపు మనవైపు కనిపిస్తోందంటే తలుపు మనవైపే తెరుచుకుంటుందని అర్థం. అంటే మంటొచ్చిన రోజున జనమంతా వెనకనుంచి తోసుకొస్తుంటే, ముందున్నవాడు ఫ్లెక్సీ చింపి, పెట్టెలు ఎత్తి, క్యాన్లు జరిపి, అప్పుడు తలుపు లోపలికి లాగాలి. ఈలోగా ప్రతిజ్ఞ మళ్ళీ ఒకసారి చదువుకోవచ్చు.

నడిచే దారి సంగతి నేల చెబుతుంది. రెండడుగుల టైల్స్ వేసినచోట టేపు అక్కర్లేదు. అడ్డం ఎక్కడుందో సరిగ్గా ఆ వరసలోనే టైల్స్ లెక్కపెట్టాలి; ముందు వరసలో లెక్కపెడితే దూరం వల్ల కన్ను పొరబడుతుంది. ఈ ఫొటోలో రెండు పసుపు గీతల మధ్య రెండు టైల్స్, అంటే నాలుగడుగుల దారి. అందులో ఒక ప్యాలెట్ టైలున్నర తినేసింది. మిగిలింది ఒక్క అడుగు. పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి వెళ్ళాలి. పొగలో ఎలాగూ ఊపిరి బిగబట్టాలి కదా అని ముందే ఆలోచించి పెట్టారేమో.

అడిగితే జవాబు తయారుగానే ఉంది: "అది టెంపరరీ సార్." నమ్ముదామనే చూశాను. తడిగుడ్డ పెట్టిన చారలు ప్యాలెట్ దాకా వచ్చి, దాని చుట్టూ వంపు తిరిగి వెళ్ళిపోతున్నాయి. పైన ప్లాస్టిక్ కవరు దుమ్ముతో గోధుమరంగుకు తిరిగింది. దాని మీద ఓ మనీప్లాంట్ కుండీ. ఆ తీగ గోడెక్కి ఎగ్జిట్ బోర్డు దాకా చేరింది. ఆ ఆఫీసులో ఎగ్జిట్ దారి పట్టుకున్న ప్రాణి అదొక్కటే.

ఇక ఫైర్ సిలిండర్. ఇక్కడ తొందరపడకూడదు. ఫొటోలో కనిపించలేదంటే లేదని కాదు. నిలబడ్డ చోటునుంచి 15 మీటర్ల నడకలో ఒకటి అందాలని ఈ సిలిండర్లకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2190 అంటుంది, అది ఫ్రేము బయట ఉండొచ్చు. కానీ గోడకి కొక్కెం ఉండి, పైన 'ఫైర్' బోర్డు ఉండి, వాటి కింద గోడ సున్నం మాత్రం సిలిండర్ ఆకారంలో తెల్లగా మెరుస్తుంటే అది ఫ్రేము తప్పు కాదు. "మిగతా అంతస్తుల ఫొటోలు కూడా పంపండి" అన్నాను. పంపారు. ప్రతి అంతస్తులోనూ ఎర్రగా ఒక ఆరు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్. ముచ్చటేసింది. దగ్గరగా జూమ్ చేశాను. గ్రౌండ్ ఫ్లోర్ సిలిండర్ మెడ దగ్గర రంగు లేచిపోయిన గీత. ఫస్ట్ ఫ్లోర్ సిలిండర్‌కీ అక్కడే అదే గీత. సెకండ్ ఫ్లోర్‌కీ అంతే. చెకింగ్ ట్యాగు మీద అదే టీ మరక. మూడో అంతస్తు ఫొటోలో సిలిండర్ పక్కన ఓ చెప్పుల కాలు కూడా పడింది: ఉత్సవ విగ్రహాన్ని ఊరేగించినట్టు దాన్ని మెట్లమీదుగా మోసుకొచ్చిన ఆఫీస్ బాయ్‌ది. ఆయన్నేమీ అనను. ఆ భవనంలో ఫైర్ సిలిండర్ ఎత్తడం బాగా ప్రాక్టీసున్నవాడు ఆయనొక్కడే.

ఆ ఒక్కటైనా పనిచేస్తుందా? గేజ్‌లో ముల్లు ఆకుపచ్చ మీద ఉండాలి, పిన్నూ సీలూ తెగకుండా ఉండాలి. ఫొటోలో గేజ్ మీద ఫ్లాష్ పడి తెల్లగా మెరిసింది, ముల్లు కనబడదు. కరెంటు ప్యానెల్ దగ్గర పెట్టే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కైతే ఆ గేజే ఉండదు, తూకం వేస్తేగానీ ఖాళీదో నిండుదో తెలియదు. తలుపుకి బయట తాళం ఉందో లేదో కూడా ఏ ఫొటో చెప్పదు. కెమెరా వెనకాల ఏముందో అసలే చెప్పదు. శుభ్రం చేసిన మూల వైపే కెమెరా తిరుగుతుంది.

ఇంతవరకూ నవ్వుకున్నాం. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో స్క్రాప్ గోడౌన్ అంటుకుంది. పైన నిద్రపోతున్న బిహార్ కూలీలు 11 మంది చనిపోయారు. కిందికి ఒకటే ఇనుప మెట్ల దారి, అది మంటల్లోకే. ఒక్కడు దూకి బతికాడు. ఆ ఏటి భద్రతా దినోత్సవం అయి ఇరవై రోజులు కాలేదు. మరుసటి ఏడాది మార్చి 16న అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్. ఉద్యోగం కోసం ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు, ఆరుగురు, పొగ పీల్చి పోయారు. అప్పుడు ఫ్లెక్సీలు ఇంకా విప్పను కూడా లేదేమో. ఆ పిల్లల వయసు వాళ్ళే ఈ ఫొటోలో చెయ్యి చాచి నిలబడ్డారు, అట్టపెట్టెలకి వీపు ఆనించి. వాళ్ళకి ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఎవడూ చెప్పలేదు. ఫ్లోర్లు, మెట్లు, దారులు అడ్డంకులు లేకుండా ఉంచాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే రాసింది. చదవడం రాక కాదు. అద్దె చదరపు అడుగుల లెక్కన కడుతున్నాం గనక ప్రాణం కాపాడే దారిలో కూడా సరుకు పెట్టాలనిపిస్తుంది, అంతే. సిగ్గులేని లెక్క అది.

ఫొటో వెనక్కి పంపాను. ఫ్లెక్సీ విప్పి, ఏదో ఒక కుర్చీలోంచి లేచి, ఆ తలుపు తెరుచుకుని రోడ్డు దాకా వెళ్ళే వీడియో ఆపకుండా తీసి పంపమన్నాను. తాళం చెవి ఉన్న సెక్యూరిటీ ఆయన సెలవులో ఉన్నారు, సోమవారం పంపుతాం అని జవాబొచ్చింది. అంతవరకూ ఆ అంతస్తులో ఎవర్నీ కూర్చోబెట్టవద్దని రాశాను. దీనికి మాత్రం మెయిల్ కాదు, వెంటనే ఫోనే వచ్చింది.

"ఏంటి సార్, ఒక్క ఫ్లెక్సీకి ఇంత సీరియస్సా?"