సవరణ: జేఆర్ఎఫ్ జీతం లెక్క

"మూడో ఏడాదికి కూడా 37,000 వేశారేంటి సార్?"

తప్పు నాదే. మన మూడేళ్ల ప్రాజెక్టు ప్రతిపాదన బడ్జెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలో, అంటే జేఆర్ఎఫ్, నెల జీతం 37,000ని 36 నెలలతో గుణించి 13,32,000 రాసేశాను. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ డీఎస్టీ 2023 రేట్ల ప్రకారం రెండేళ్లు పూర్తయ్యాక, పనితీరు సమీక్ష దాటితే, సీనియర్ రీసెర్చ్ ఫెలోగా, అంటే ఎస్ఆర్ఎఫ్‌గా, నెలకు 42,000 వస్తుంది.

ఇంకో పొరపాటు మీరు చూడలేదు. మొదటి వర్క్ ప్యాకేజీలో మట్టి నమూనాల సేకరణను ఒకటో నెలలోనే పెట్టాను. జేఆర్ఎఫ్ నియామకానికి ప్రకటన, ఇంటర్వ్యూ, చేరిక అయ్యేసరికి మూడు నెలలు పోతాయి, మరి తవ్వేదెవరు? సేకరణను నాలుగో నెలకు జరిపాను.

అప్పుడు జీతం 33 నెలలకే: 24 నెలలకు 8,88,000, మిగతా 9 నెలలకు 3,78,000, మొత్తం 12,66,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. బడ్జెట్ సమర్థనలో "నాలుగో నెల నుంచి" అని రాయండి, లేకపోతే టైమ్‌లైన్‌తో పొంతన కుదరదు.