కూడిక తప్పలేదు, కోత ఎందుకు?

శ్రీకాకుళంలో జీడిపప్పు ఎగుమతి చేసే ఒక సంస్థలో, సింగపూర్ వెళ్లివచ్చిన ఒక అధికారి పెట్టిన టీఏ బిల్లు పట్ల అకౌంట్స్ సెక్షన్ వారు చూపిన కాఠిన్యాన్ని తీవ్రంగా ఖండించవలసి ఉంది. బిల్లు అడుగున ఉన్న మొత్తం రూ.88,308. దాన్ని పైనుంచి కిందికి కూడినా, కింది నుంచి పైకి కూడినా అంతే వస్తుంది. మేనేజరు గారు స్వయంగా కాలిక్యులేటరుతో కూడి చూసి సంతకం చేశారు. ఒక బిల్లుకు ఇంతకంటే శీలపరీక్ష ఏముంటుంది? అయినా అకౌంట్స్ గుమాస్తా మొత్తం జోలికే పోకుండా, ఒక వరుసను ఇంకో వరుస పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాడు. పెద్దల పట్ల ఇది ఎంత అమర్యాదో వేరే చెప్పనక్కర్లేదు.

మొదట కిలోమీటర్లు. సొంత కారుకు కిలోమీటరుకు రూ.12 చొప్పున 440 కిలోమీటర్లకు రూ.5,280 రాశారు. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి సుమారు 110 కిలోమీటర్లు కాబట్టి, రానూపోనూ 220 అవుతుంది. డ్రైవరు ఆదివారం దింపి ఖాళీ కారుతో వెనక్కి వచ్చి, శుక్రవారం మళ్లీ వెళ్లి తీసుకువస్తే 440 న్యాయమైన లెక్కే. దాన్ని కొట్టివేయడానికి గుమాస్తాకు కూడా మనసొప్పలేదు. అయితే ఆ కింది వరుసలోనే విమానాశ్రయంలో కారు నిలిపినందుకు అయిదు రోజుల పార్కింగ్ రుసుము రూ.2,000 ఉంది, రసీదు కూడా జతపరచి ఉంది. అంటే ఆ కారు అయిదు రోజులు విశాఖలో కదలకుండా నిలబడి ఉంటూనే శ్రీకాకుళం వచ్చి మళ్లీ విశాఖ వెళ్లిందన్న మాట. యోగసాధన ఉన్నవారికి ఇది అసాధ్యం కాదని నేను నమ్ముతాను కానీ, గుమాస్తా నమ్మలేదు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తెమ్మన్నాడు. నాతవలస టోల్ ప్లాజా దగ్గర నాలుగుసార్లు పడవలసిన పద్దు రెండుసార్లే పడింది: ఆదివారం ఒకటి, శుక్రవారం ఒకటి.

దినభత్యం విషయంలో ఆ అధికారి లెక్క మరీ సరళమైనది. ఆదివారం రాత్రి బయలుదేరి శుక్రవారం తిరిగి వచ్చారు కాబట్టి ఆరు రోజులు, రోజుకు 60 సింగపూర్ డాలర్లు, వెరసి 360. బయలుదేరిన రోజుకు, తిరిగి వచ్చిన రోజుకు సగమే ఇస్తామని సంస్థ నిబంధన చెబుతుంది. ఆ ప్రకారం అయిదు రోజులకు 300 డాలర్లు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే భోంచేసి బయలుదేరిన మనిషికి ఆ పూట కూడా డాలర్లలో ఆకలి వేసి ఉండదా అని నిబంధన రాసినవారు ఆలోచించకపోవడం విచారకరం.

మారకం లెక్కకు వచ్చేసరికి ఆయన ప్రతిభ పూర్తిగా వికసించింది. చేతి ఖర్చుకు తీసుకెళ్లిన డాలర్లను ఆయన రూ.65 చొప్పున కొన్నట్టు మనీ ఛేంజరు రసీదు చెబుతుంటే, బిల్లులో ప్రతి డాలరుకూ రూ.68 వేశారు. ఆ 68 ఎక్కడిదని వెతకగా, అది హోటల్ బిల్లును కార్డుతో కట్టినప్పుడు పడిన రేటని తేలింది. నాలుగు రాత్రుల 800 డాలర్లకు బ్యాంకు రూ.65 చొప్పున రూ.52,000 లెక్కగట్టి, దానిపై మూడున్నర శాతం మార్కప్, ఆ మార్కప్ మీద జీఎస్టీ కలిపి రూ.54,148 వసూలు చేసింది. దీన్ని 800తో భాగిస్తే డాలరుకు దాదాపు 68 వస్తుంది. అంటే బ్యాంకు ఛార్జీలు ఆ రేటులోనే ఇమిడి ఉన్నాయి. అధికారి మాత్రం హోటల్‌కు ఆ రేటుతో రూ.54,400 రాసి, ‘బ్యాంకు ఛార్జీలు’ అంటూ వేరే వరుసలో రూ.2,148 మళ్లీ రాశారు. కార్డుతో చేసిన ఖర్చుకు ఏ రేటూ వెతకనక్కర్లేదని, స్టేట్‌మెంటులో రూపాయల్లో ఎంత పడితే అంతేనని, నగదుకు కొన్న రేటే రేటని గుమాస్తా వాదన. ఇంత ముతక ఆలోచనతో అంతర్జాతీయ వ్యాపారం ఎలా సాగుతుంది?

చివరకు కిలోమీటర్లకు రూ.2,640, పార్కింగ్‌కు రూ.2,000, దినభత్యానికి రూ.19,500, హోటల్‌కు రూ.54,148, మొత్తం రూ.78,288 మాత్రమే మంజూరు చేశారు. రూ.10,020 కోత పడింది. మొదటి మొత్తాన్ని కూడి సంతకం చేసిన మేనేజరు గారు ఈ కొత్త మొత్తాన్ని కూడా కూడి చూసి, ఇదీ సరిగ్గానే ఉందని సంతకం చేశారు. అధికారి మాత్రం పట్టు విడవలేదు. రెండో ప్రయాణం బావమరిది కారులో జరిగిందని, అందుకే తన ఫాస్టాగ్‌లో కనబడలేదని వివరణ రాసి పంపారు. అయితే ఆ కారు నంబరు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ పంపించండని గుమాస్తా అదే కాగితం వెనక రాసి తిప్పి పంపాడు.